60లో నిమ్మళం, 144లో మిణుకు

మా మేనల్లుడు కొత్త మానిటర్ కొన్న నాలుగో రోజున ఫోన్ చేశాడు.

"మావయ్యా, స్క్రీన్ కొట్టుకుంటోంది. ఉన్నట్టుండి నల్లగా అయిపోయి, ఒకటి రెండు సెకన్లకి మళ్లీ వస్తోంది. షాపాయన గ్రాఫిక్స్ కార్డు పోయుంటుందంటున్నాడు. కొత్త కార్డంటే ఇరవై వేల పైమాటే."

"ఎప్పుడూ ఇలాగే ఉంటోందా?"

"144 హెర్ట్జ్ పెడితేనే. 60లో పెడితే ఏ గొడవా లేదు. కానీ 60లోనే వాడుకునేదానికి ఇంత పెట్టి ఈ మానిటర్ ఎందుకు కొన్నట్టు?"

వాడు విసుగుతో అన్న ఈ మాటలోనే సగం జవాబు ఉంది. రోగం ఒక అంకె దగ్గర వచ్చి, ఇంకో అంకె దగ్గర పోతోందంటే, ఆ అంకెతో పాటు కంప్యూటర్లో ఇంకేం మారుతోందో చూడాలి. అది చూడకుండా కార్డు కొనడం జ్వరం ఎంతుందో చూడకుండా సూది వేయించుకోవడం లాంటిది.

రిఫ్రెష్ రేటు అంటే తెర మీది బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు కొత్తగా వస్తుందన్న లెక్క. పాత డబ్బా మానిటర్లు గుర్తున్నవాళ్లకి 60 హెర్ట్జ్ అంటేనే కళ్లు నొప్పులు గుర్తొస్తాయి. వాటిలో ఎలక్ట్రాన్ల కిరణం గీసిన గీత వెలిగి వెంటనే చల్లారిపోయేది. మళ్లీ గీసేలోపు తెర మసకబారేది. అందుకే అప్పట్లో 75, 85 పెట్టుకుని వాడేవాళ్లం. ఎల్‌సీడీ తెర స్వభావం వేరు. ఒక చుక్కకు ఒక రంగు చెబితే, మళ్లీ చెప్పేదాకా అదే రంగు పట్టుకుని కూర్చుంటుంది. వెలుగు వెనకున్న ఎల్‌ఈడీల నుంచి విడిగా వస్తుంది. కాబట్టి ఎల్‌సీడీ 60లోనైనా, 144లోనైనా మిణుకుమనకూడదు. మిణుకుమంటోందంటే దారిలో ఎక్కడో ఏదో తెగుతోందన్నమాట.

ఆ తెగే చోట్లు ముఖ్యంగా మూడు. బొమ్మను మోసే కేబుల్, బొమ్మను తయారుచేసి పంపే గ్రాఫిక్స్ డ్రైవర్, రెండు పెట్టెలకూ కరెంటు ఇచ్చే సప్లై. మూడూ పైకి ఒకేలా కనిపిస్తాయి గనుక జనం మూడింటినీ కలిపి "ఫ్లికరింగ్" అనేస్తారు. నిజానికి మూడింటి నడకా వేరు. కేబుల్ జబ్బు హెర్ట్జ్‌తో పాటు పెరుగుతుంది. డ్రైవర్ జబ్బు మనం ఏ పని చేస్తున్నామన్న దాన్ని బట్టి మారుతుంది. కరెంటు జబ్బు వెలుతురుతో, వేడితో, భారంతో మారుతుంది. అందుకే స్క్రూడ్రైవర్ తీసేముందు కాసేపు ఊరికే కూర్చుని చూడమంటాను.

మా వాడితో ఫోన్లోనే మొదటి పరీక్ష చేయించాను. మానిటర్ కింద ఉన్న బటన్ నొక్కితే బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ మార్చుకునే మెనూ వస్తుంది కదా. ఆ మెనూని కంప్యూటర్ పంపదు. మానిటరే సొంతంగా తన తెర మీద వేసుకుంటుంది. దాన్ని తెరిచి ఉంచి మిణుకు కోసం ఎదురుచూడాలి. వెనక బొమ్మతో పాటు మెనూ కూడా వణికితే, మసకబారితే, తప్పు మానిటర్ లోపలే ఉంది. అంటే బ్యాక్‌లైటో, దాని పవర్ బోర్డో. మెనూ నిమ్మళంగా ఉండి వెనక బొమ్మ మాత్రమే చెడిపోతుంటే తప్పు బయటినుంచి వస్తోంది. తెర పూర్తిగా నల్లబడే కేసుల్లో ఇంకో గుర్తుంది. బొమ్మ తిరిగి వచ్చేటప్పుడు మూలన `HDMI 1` అనో, `DP` అనో చిన్న పెట్టె కనిపిస్తే, మానిటర్ సిగ్నల్‌ను పోగొట్టుకుని మళ్లీ వెతికి పట్టుకుందన్నమాట. మా వాడికి ఆ పెట్టె ప్రతిసారీ కనిపిస్తోంది.

"అయితే మానిటర్ మంచిదేనా?" అన్నాడు. అప్పటిదాకా వాడి అసలు భయం అదే.

రెండో పరీక్ష మెట్లెక్కడం. విండోస్‌లో `Settings > System > Display > Advanced display` లోకి వెళ్తే `Choose a refresh rate` అని ఉంటుంది. అక్కడ 60తో మొదలుపెట్టి, మానిటర్ ఇచ్చే ప్రతి అంకె దగ్గరా ఇరవై నిమిషాలు ఆగమన్నాను. తెర మీద ముదురు రంగు బొమ్మ పెట్టమన్నాను, ఎందుకంటే చిన్న తప్పులు చీకటి మీదే కనిపిస్తాయి. రాత్రికి కాగితం మీద రాసుకుని మళ్లీ ఫోన్ చేశాడు. 60, 75, 100 శుభ్రం. 120లో నల్లటి గోడ మీద అప్పుడప్పుడూ తెల్లటి చుక్కలు, చిటపటలాడినట్టు. 144లో చుక్కలు ఎక్కువ, నాలుగైదు నిమిషాలకోసారి తెర నల్లబడటం.

ఈ కాగితం చూశాక నా మట్టుకు కేసు సగం తేలిపోయింది. ఎందుకో చెప్పాలంటే కొంచెం లెక్క తప్పదు.

వాడిది 27 అంగుళాల తెర. అడ్డంగా 2560, నిలువుగా 1440 చుక్కలు. హెచ్‌డీఎంఐ 2.0 కేబుల్‌తో కలిపాడు. ఈ పద్ధతిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు మూడు జతల తీగలుంటాయి. ఒక్కో చుక్క వివరం ఒక్కో జత మీద పది బిట్లుగా వెళ్తుంది. 60 హెర్ట్జ్‌లో ఒక్కో జత మీద సెకనుకి దాదాపు 2.4 గిగాబిట్లు పరిగెత్తాలి. 120లో అది 5 అవుతుంది. 144లో 5.8. హెచ్‌డీఎంఐ 2.0కి పై హద్దు ఒక్కో జతకి 6. అంటే 144 దగ్గర ఆ కేబుల్ కొండ అంచున నడుస్తోంది. అంతకుముందు తరం హెచ్‌డీఎంఐ 1.4 కేబుళ్లను 3.4 దాకానే పరీక్షించేవారు. అలాంటి కేబుల్ 60లో బుద్ధిగా ఉండి 144లో అల్లరి చేయడంలో వింతేమీ లేదు. అది చేయగలిగిన పని అంతే.

రద్దీ బస్సులో ఫోన్ నంబరు చెప్పించుకుని రాసుకోవడం ఊహించుకోండి. అవతలివాళ్లు నింపాదిగా చెబితే ఒక్క అంకె పోదు. గబగబా చెబితే ఒకటో రెండో తప్పు రాసుకుంటాం. ఇంకా వేగం పెంచితే "ఆగండాగండి, మళ్లీ మొదట్నుంచి చెప్పండి" అంటాం. తెల్ల చుక్క అంటే ఒక అంకె తప్పు రాసుకోవడం. తెర నల్లబడటం అంటే మొత్తం ఆపి, మళ్లీ మొదట్నుంచి చెప్పించుకోవడం. ముందు చుక్కలు, తర్వాత నలుపు, రెండూ హెర్ట్జ్‌తో పాటే పెరగడం: ఈ వరస హెచ్‌డీఎంఐలో కేబుల్ బలహీనతకు అచ్చమైన ముద్ర.

"కేబుల్ ఎంత పొడవుంది?" అని అడిగాను.

"ఐదు మీటర్లు. సీపీయూ అటు పక్క బీరువా దగ్గర పెట్టాను కదా, అందని చెప్పి ఆన్‌లైన్లో తెప్పించా. దాని మీద 4కే అని రాసుంది మావయ్యా!"

ఈ '4కే' అన్న ముద్ర ఎందరినో ముంచింది. 4కే బొమ్మను సెకనుకి 30సార్లు పంపడం పాత 1.4 కేబుల్‌కీ చేతనవుతుంది. అదే బొమ్మను 60సార్లు పంపాలంటే దానికి రెట్టింపు వేగం కావాలి. డబ్బా మీద 4కే అని వేసినవాడు ఎన్నిసార్లో చెప్పడు. చూడాల్సింది 'ప్రీమియం హై స్పీడ్' అన్న మాట. 18 గిగాబిట్ల మొత్తానికి పరీక్ష చేసిన కేబుల్‌కి ఆ పేరిస్తారు, ఫోన్‌తో స్కాన్ చేసి అసలుదో కాదో తేల్చుకునే లేబుల్ కూడా దాని మీద ఉంటుంది. 'అల్ట్రా హై స్పీడ్' అంటే 48 గిగాబిట్ల తరం, అదైతే ఇంకా నిశ్చింత. పొడవు సంగతి మరీ ముఖ్యం. రాగి తీగలో సిగ్నల్ వేగం పెరిగేకొద్దీ, దూరం పెరిగేకొద్దీ నీరసపడుతుంది. మీటరున్నరలో ఏ బాధా లేనిది ఐదు మీటర్లలో, అందులోనూ సన్నటి తీగతో చేసిన చవక కేబుల్‌లో, నిలబడటం కష్టం.

మానిటర్ డబ్బాలో డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ ఒకటి వచ్చింది కదా, అది పెట్టి చూడనా అన్నాడు. ఇప్పుడే వద్దన్నాను. అది పెడితే కేబులూ మారుతుంది, కార్డు వైపు పోర్టూ మారుతుంది, మానిటర్ వైపు పోర్టూ మారుతుంది, సిగ్నల్ పంపే పద్ధతే మారుతుంది. మిణుకు ఆగినా ఏది మారడం వల్ల ఆగిందో తెలియదు. అవే పోర్టులు, అదే 144, కేబుల్ మాత్రమే వేరు: అదీ పరీక్ష. స్నేహితుడి దగ్గర మీటరున్నర కేబుల్ తెచ్చి, సీపీయూని బల్ల పక్కకి జరిపి పెట్టాడు. 144లో రెండు గంటలు ఆడాడు. ఒక్క చుక్క లేదు. అక్కడితో సంబరపడిపోతుంటే, పాత కేబుల్ మళ్లీ పెట్టి చూడమన్నాను. బాగైపోయాక ఇంకెందుకని గొణిగాడు. కేబుల్ ఊడదీసి పెట్టినప్పుడు పిన్నుల మీది తుప్పు రాలి కూడా బాగవ్వచ్చు. పాతది పెట్టగానే రోగం తిరిగి రావాలి, అప్పుడే నేరం రుజువైనట్టు. పెట్టిన మూడు నిమిషాలకి తెర నల్లబడింది.

డిస్‌ప్లేపోర్ట్ వాడేవాళ్లకి ఇక్కడ ఒక తేడా చెప్పాలి, మెకానిక్కులు కూడా దీన్ని తరచూ మరిచిపోతారు. హెచ్‌డీఎంఐ 2.0లో తీగ మీది వేగం హెర్ట్జ్‌తో పాటు వాలుగా పెరుగుతుంది. డిస్‌ప్లేపోర్ట్‌లో అది మెట్లుమెట్లుగా ఉంటుంది. ఒక్కో దారికి 2.7, 5.4, 8.1 గిగాబిట్లు. మధ్యలో ఏమీ లేదు. మా వాడి తెరనే తీసుకుంటే 120కీ, 144కీ రెండింటికీ మామూలు రంగుల్లో 5.4 మెట్టు సరిపోతుంది. అంటే తీగ మీద పడే బరువు రెండింట్లోనూ ఒకటే. కాబట్టి డిస్‌ప్లేపోర్ట్‌లో 120 రోజంతా శుభ్రంగా ఉండి 144 మాత్రమే మిణుకుమంటుంటే కేబుల్ మీద అనుమానం తగ్గించుకుని డ్రైవర్ వైపు చూడాలి. ఒక్క మినహాయింపు, రంగులను 10 బిట్లలో పెట్టుకుంటే 144 పై మెట్టుకి జారుతుంది. 8కి తగ్గించి చూస్తే అది కూడా తేలిపోతుంది.

కేబుల్ సంగతి వదిలే ముందు ఒక చిత్రం. కుర్చీలోంచి లేచినప్పుడల్లా తెర నల్లబడుతోందని ఎవరైనా అంటే నవ్వకండి. గ్యాస్‌తో పైకీ కిందకీ జరిగే ఆఫీసు కుర్చీలో కూర్చుని లేస్తే ఒక్కోసారి స్టాటిక్ విద్యుత్తు చిటుక్కుమంటుంది. ఆ తరంగాన్ని సరైన కవచం లేని వీడియో కేబుల్ యాంటెన్నాలా పట్టుకుంటుంది. ఫ్యాను స్విచ్ వేసినప్పుడో, ఫ్రిజ్ మోటారు అందుకున్నప్పుడో తెర ఆరి వెలగడం కూడా ఇదే కోవ. హద్దు దగ్గర నడుస్తున్న కేబుల్‌కి ఆ కొంచెం దెబ్బ చాలు. అదే కేబుల్ 60లో ఆ దెబ్బను గమనించను కూడా గమనించదు.

కేబుల్ మార్చిన వారానికి మా వాడు మళ్లీ ఫోన్ చేశాడు. "మావయ్యా, మళ్లీ మొదలైంది. కానీ ఈసారి నల్లబడట్లేదు, వెలుతురు గుప్పుగుప్పుమంటోంది."

ఎప్పుడని అడిగితే ఒక ఆట లోడ్ అవుతున్నప్పుడు, దాని మెనూలో ఉన్నప్పుడు అన్నాడు. డెస్క్‌టాప్ మీద లేదు, సినిమాలో లేదు. హెర్ట్జ్ అదే 144, కేబుల్ అదే, మారుతున్నది మనం చేసే పని. ఇక డ్రైవర్ ఇలాకాలోకి వచ్చినట్టే.

కార్డు సెకనుకి ఎన్ని బొమ్మలు తయారుచేస్తే తెర అన్నిసార్లే మారేలా చేసే సదుపాయం ఒకటుంది. ఫ్రీసింక్, జీ-సింక్ అన్న పేర్లతో కనిపిస్తుంది. ఆటలో కదలిక నున్నగా ఉండటానికి అది మంచిదే. కానీ లోడింగ్ తెరల్లో బొమ్మల లెక్క 140 నుంచి 40కి, మళ్లీ పైకి ఎగిరెగిరి పడుతుంది. తెరలోని చుక్కల వెలుతురును ఒక స్థిరమైన వేగానికి సరిచేసి పెడతారు. వేగం ఇలా ఊగితే వెలుతురు కూడా కొంచెం ఊగుతుంది. వీఏ రకం, ఓఎల్‌ఈడీ రకం తెరల్లో ఇది బాగా కనిపిస్తుంది. పరీక్ష చాలా తేలిక: డ్రైవర్ సెట్టింగుల్లో ఆ సదుపాయాన్ని ఆపేసి, అదే లోడింగ్ తెర చూడటం. మా వాడికి ఆపగానే పోయింది. ఇది రిపేరుకి లొంగేది కాదు, ఆ తెర స్వభావం. ఇబ్బంది పెట్టే ఆ ఒక్క ఆటకి ఆపుకోవడమే మందు.

డ్రైవర్ మిణుకుల్లో ఇంకో రకం ఉంది, అది దీనికి తలకిందులు. ఆట ఆడుతుంటే ఏమీ ఉండదు. ఆట ఆపి ఖాళీ డెస్క్‌టాప్ చూస్తూ కూర్చుంటే, మౌస్ కదిపితే, ఒక్క క్షణం తెర మీద అడ్డంగా గీత మెరిసి పోతుంది. కారణం పొదుపు. పని లేనప్పుడు కార్డు తన మెమరీ వేగాన్ని తగ్గించుకుంటుంది, పని తగలగానే పెంచుకుంటుంది. ఆ మార్పు ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య ఉండే సందులో జరిగిపోవాలి. ఆ సందు సాధారణంగా సెకనులో రెండువేల వంతు లెక్కన ఉంటుంది. కొన్ని మానిటర్లలో 144కి రాసిన టైమింగ్‌లో అది మరీ ఇరుకు. గేర్ మారేలోపే కొత్త బొమ్మ మొదలైపోతుంది, కన్ను దాన్ని పట్టేస్తుంది. 144 నుంచి 120కి దించితే సందు పెరిగి మిణుకు పోవచ్చు. అందుకే జనం కేబుల్ మీద పడతారు. ఎన్ని కేబుళ్లు మార్చినా పోదు. కార్డు కంపెనీలు కొత్త డ్రైవర్లలో మెమరీని 144 దగ్గర ఎప్పుడూ పై వేగంలోనే ఉంచేలా సర్దుతుంటాయి. కరెంటు కొంచెం ఎక్కువ తాగుతుంది, మిణుకు పోతుంది.

డ్రైవర్ మీద అనుమానం వచ్చినప్పుడు మొదట చేయాల్సిన పని క్యాలెండర్ చూడటం. మిణుకు ఏ రోజు మొదలైంది, విండోస్ అప్‌డేట్ ఏ రోజు వచ్చింది? రెండూ ఒకటే అయితే `Device Manager` లో డిస్‌ప్లే కార్డు మీద `Roll Back Driver` నొక్కి పాతదానికి వెళ్లొచ్చు. ఇంకో చిన్న పరీక్ష మైక్రోసాఫ్ట్ వాళ్లే చెబుతారు: తెర మిణుకుమంటున్నప్పుడు `Ctrl+Shift+Esc` నొక్కి టాస్క్ మేనేజర్ తెరవాలి. అది కూడా మిణుకుమంటే డ్రైవర్ వైపు వెళ్లండి. అది కదలకుండా ఉండి మిగతా కిటికీలు మాత్రం మిణుకుమంటే ఏదో ఒక ప్రోగ్రాం తప్పు. `Win+Ctrl+Shift+B` కలిపి నొక్కితే తెర ఒక్కసారి ఆరి డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. దాంతో మిణుకు కొంతసేపు పోయి తిరిగొస్తే అనుమానం గట్టిపడుతుంది. తెర రెండు మూడు సెకన్లు గడ్డకట్టి, నల్లబడి, తిరిగి వచ్చే రకమైతే `Event Viewer` లో 4101 అంకెతో ఒక నమోదు వెతకండి. డ్రైవర్ పలకడం మానేస్తే విండోస్ రెండు సెకన్లు చూసి దాన్ని లేపి కూర్చోబెడుతుంది, ఆ సంగతి అక్కడ రాసి పెడుతుంది. కేబుల్ తప్పైతే అలాంటి నమోదు ఉండదు.

నా వరకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు పెట్టి, దాన్నుంచి కంప్యూటర్ని లేపడం. హార్డ్ డిస్క్ మీద ఏమీ మార్చకుండానే వేరే డ్రైవర్‌తో అదే కార్డు, అదే కేబుల్, అదే తెర నడుస్తాయి. అక్కడ కూడా 144 ఎంచుకుని అరగంట చూడాలి. మిణుకు ఉంటే విండోస్ డ్రైవర్‌కి క్లీన్ చిట్. లేకపోతే కేబుల్ కొనే డబ్బు మిగిలింది. కంప్యూటర్ లేవగానే కనిపించే బయోస్ తెరని చూసి "ఇక్కడ మిణుకు లేదు కదా, డ్రైవరే" అనేవాళ్లున్నారు. ఆ తెర తక్కువ వేగంలో నడుస్తుంది, అక్కడ బలహీనమైన కేబుల్ కూడా బాగానే ఉంటుంది. ఆ సాక్ష్యం చెల్లదు.

ఇక కరెంటు. నిజం చెప్పాలంటే 60లో బాగుండి 144లో చెడే రోగాల్లో పవర్ సప్లై దోషి అయ్యేది తక్కువే. దానికి హెర్ట్జ్ పెద్దగా పట్టదు. కానీ ఎత్తు వేగాలతో ఎక్కువ భారం కలిసొస్తుంది. 144 పెట్టుకున్నవాడు ఆట ఆడతాడు, కార్డు కరెంటు గుంజుతుంది, బలహీనమైన ఎస్‌ఎంపీఎస్ తడబడుతుంది, ఆయన 144ని నిందిస్తాడు. విడదీయడం తేలిక. ఆట ఏదీ లేకుండా 144లో డెస్క్‌టాప్ పెట్టి గంట వదిలేయండి. తర్వాత 60కి దించి, అదే ఆటను బొమ్మల లెక్కకు పరిమితి పెట్టకుండా ఆడండి. మొదటిది శుభ్రంగా ఉండి రెండోదాంట్లో తెర ఆరిపోతే, ముఖ్యంగా కంప్యూటరే రీస్టార్ట్ అయితే, ఎస్‌ఎంపీఎస్‌ని చూడాలి. కార్డుకి రెండు పవర్ సాకెట్లుంటే రెంటికీ ఒకే వైరు చీలికలు తగిలించి ఉంటారు చాలాచోట్ల. ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు వైర్లు లాగితే కొన్నిసార్లు అక్కడితోనే సరిపోతుంది.

మానిటర్ సొంత సప్లై చెడితే కథ ఇంకోలా ఉంటుంది. మా ఇంట్లో పాత 22 అంగుళాల మానిటర్ ఒకటి ఉండేది. చలికాలం పొద్దున్నే స్విచ్ వేస్తే పది నిమిషాలు తెర రెపరెపలాడి, వేడెక్కాక సర్దుకునేది. దాని వేగం ఎప్పుడూ 60నే. బ్రైట్‌నెస్ తగ్గిస్తే రెపరెప తగ్గేది, పెంచితే పెరిగేది. మెనూ తెరిస్తే అది కూడా కలిసి రెపరెపలాడేది. ఒకరోజు పూర్తిగా ఆరిపోయింది, పవర్ లైటు మాత్రం వెలుగుతోంది. గది చీకటి చేసి టార్చి ఏటవాలుగా వేసి చూస్తే డెస్క్‌టాప్ ఐకాన్లు లీలగా కనిపించాయి. అంటే బొమ్మ ఉంది, వెనక దీపం లేదు. రిపేరు కుర్రాడు విప్పితే పవర్ బోర్డు మీద రెండు కెపాసిటర్లు పైకప్పు ఉబ్బి ఉన్నాయి. అవి మార్చాడు, ఆ మానిటర్ ఇంకో మూడేళ్లు నడిచింది.

ఆ విప్పడం మాత్రం చేయి తిరిగినవాళ్ల పని. మన ఇళ్లలోని 230 వోల్టులు ఆ బోర్డులో 325 దాకా ఎక్కి పెద్ద కెపాసిటర్‌లో నిలవుంటాయి, ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు అక్కడే ఉంటాయి. అడాప్టర్ బయట ఉండే మానిటరైతే మనమే మార్చి చూడొచ్చు. మీద రాసిన వోల్టులు అచ్చం అవే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండాలి, పిన్ను లోపలా బయటా ప్లస్ మైనస్ గుర్తులు కలవాలి.

మన ఇళ్లలో ఇంకో చిక్కు ఎర్తు. సీపీయూ రేకు మీద వేలి వెనకభాగం ఆనిస్తే సన్నగా జివ్వుమంటోందంటే ఆ సాకెట్‌కి ఎర్తు లేనట్టే. ఎర్తు లేనప్పుడు ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ వల్ల పెట్టె మీద మెయిన్స్‌లో దాదాపు సగం వోల్టు తేలుతుంది. కరెంటు బలం తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. సీపీయూ ఒక గోడ సాకెట్‌లో, మానిటర్ ఇంకో గోడ సాకెట్‌లో ఉంటే ఆ తేడా వీడియో కేబుల్ కవచం గుండా పారుతుంది, హద్దులో నడుస్తున్న సిగ్నల్‌ని కలవరపెడుతుంది. రెండింటినీ ఎర్తు ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు. ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడే మిణుకుమని, కరెంటొచ్చాక ఆగిపోతే ఆ ఇన్వర్టర్ తరంగం నున్నగా లేదని అర్థం, కేబుల్‌నీ డ్రైవర్‌నీ వదిలేయండి.

మా వాడి గ్రాఫిక్స్ కార్డు పాతదే, ఇప్పటికీ నడుస్తోంది. సీపీయూ బీరువా పక్కనుంచి బల్ల మీదికొచ్చింది, దానికి మీటరున్నర కేబుల్ కొన్నాడు. ఐదు మీటర్లది హాల్లో సెట్‌టాప్ బాక్సుకీ టీవీకీ మధ్య పెట్టారు. అక్కడ ఒక్కో జత మీద గిగాబిట్టున్నర పరిగెడితే చాలు. ఇంతవరకు ఒక్క చుక్క కూడా పడలేదు.